ట్రాన్స్‌మిషన్ గేట్ మక్స్, ఎక్సార్: చాలాకాలం వాడాక

ఒంటరి ఎన్‌మాస్ పాస్ ట్రాన్సిస్టర్ మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. మా చేతికి ఒక పాత బ్లాక్ వచ్చింది, 1.8 వోల్టులది. మక్స్‌లన్నీ రెండేసి ఎన్‌మాస్‌లతో కట్టి, వెనక ఒక ఇన్వర్టర్ పెట్టారు. వెరిలాగ్‌లో టెస్టులన్నీ పాస్. స్పైస్‌లో మాత్రం క్లాక్ ఆపేసినా సప్లై కరెంట్ సున్నాకు రాలేదు, మైక్రోఆంపుల్లో పారుతూనే ఉంది.

మక్స్ అవుట్‌పుట్‌ని ప్లాట్ చేస్తే దొంగ దొరికింది. 'ఒకటి' గబగబా 1.1 వోల్టుల దాకా ఎక్కి, అక్కడి నుంచి నత్తనడక నడుస్తోంది. గేట్ మీద ఉన్నది 1.8. అవుట్‌పుట్ పైకి లేచేకొద్దీ గేట్‌కీ సోర్స్‌కీ మధ్య తేడా తగ్గి, థ్రెషోల్డ్‌కు చేరగానే ట్రాన్సిస్టర్ దాదాపు ఆగిపోతుంది. సోర్స్ పైకి లేచినా బాడీ గ్రౌండ్ మీదే ఉంటుంది కాబట్టి ఆ థ్రెషోల్డ్ కూడా పెరుగుతుంది. ఇక వెనకున్న ఇన్వర్టర్‌లో పీమాస్‌కు ఇంకా 0.7 వోల్టుల తేడా కనిపిస్తుంది, అది పూర్తిగా ఆరదు. కింద ఎన్‌మాస్ ఎలాగూ ఆన్. కరెంట్ పారేది ఆ దారినే. ఈ బలహీనమైన 'ఒకటి'ని ఇంకో పాస్ ట్రాన్సిస్టర్ గేట్‌కు ఇస్తే, అక్కడ ఇంకో థ్రెషోల్డ్ పోతుంది.

ప్రతి ఎన్‌మాస్ పక్కన ఒక పీమాస్ చేర్చాం, ఆ జంటే ట్రాన్స్‌మిషన్ గేట్. 'ఒకటి'ని చివరిదాకా అది మోస్తుంది, 'సున్నా'ని ఎన్‌మాస్ మోస్తుంది. సెలెక్ట్ ఇన్వర్టర్‌తో కలిపి మక్స్‌కు ఆరు ట్రాన్సిస్టర్లు. ఐడిల్ కరెంట్ లీకేజీ స్థాయికి పడిపోయింది.

అసలు మురిపించింది మాత్రం ఎక్సార్. అదీ ఆరింటితోనే:

```
MP1 AN A VDD VDD pch
MN1 AN A 0   0   nch
MP2 Y  B A   VDD pch
MN2 Y  B AN  0   nch
MN3 B  AN Y  0   nch
MP3 B  A  Y  VDD pch
```

A ఒకటైతే MP2, MN2 మామూలు ఇన్వర్టర్‌లా పనిచేసి B ని తిప్పుతాయి. A సున్నా అయితే వాటి సప్లై తలకిందులవుతుంది. అప్పుడు కూడా అవి సరైన విలువనే ఇస్తాయి, కాకపోతే ఒక థ్రెషోల్డ్ లోటుతో. ఆ లోటును MN3, MP3ల ట్రాన్స్‌మిషన్ గేట్ పూడుస్తుంది. ఆ రెండూ తీసేసి సిమ్యులేట్ చేసి చూడండి, A సున్నా, B ఒకటి దగ్గర Y మళ్లీ 1.1 దగ్గరే ఆగుతుంది.

అయితే దీనికి సొంత బలం లేదు. A సున్నా అయినప్పుడు B ని నడిపే గేటే Y మీది లోడ్‌ని కూడా మోయాలి. వరుసగా కలుపుతూ పోతే ఆలస్యం మెట్ల సంఖ్యకు వర్గంలో పెరుగుతుంది, అందుకే మూడు నాలుగు మెట్లకొక ఇన్వర్టర్ పెడతాను. అవి కలిపాక ఆరు ట్రాన్సిస్టర్ల లెక్క అంత ముచ్చటగా ఉండదు. మక్స్‌లో సెలెక్ట్ మారేటప్పుడు రెండు ట్రాన్స్‌మిషన్ గేట్లూ క్షణంపాటు తెరిచి ఉంటే రెండు ఇన్‌పుట్‌లూ కలిసిపోతాయి కూడా.

నావి 1.8 వోల్టుల చిన్న బ్లాకులు, వరుసలు పొట్టివి. అక్కడ ఇదే వాడతాను. పొడవాటి క్యారీ చైన్ కడుతుంటే మాత్రం, ముందు మీ లోడ్‌తో స్పైస్‌లో చూసుకున్నాకే తేల్చుకోండి.