రిటర్న్ టికెట్ ఇంకా ఏడాది ఉంటుందనుకున్నా, తీరా చూస్తే ఆరు నెలలే

అక్కకు ఆపరేషన్ అని వెళ్ళాను. రెండున్నర నెలలు ఉండి వచ్చేద్దామని ప్లాన్. టికెట్ జనవరి 5న కొన్నాను, మార్చి 20న ఎక్కాను, రిటర్న్ జూన్ 10న. అక్క కోలుకోవడం ఆలస్యమైంది కాబట్టి జూన్ మొదటి వారంలోనే రిటర్న్ క్యాన్సిల్ చేయించి తేదీ ఖాళీగా వదిలేశాను. ఈ ఒక్క పని మాత్రం సరిగ్గా చేశాను. ఫ్లైట్ బయల్దేరకముందే చెప్పకపోయి ఉంటే నో-షో పడేది, చాలా రకాల టికెట్లలో దాంతో రిటర్న్ మొత్తం పోతుంది, లేదంటే పెద్ద జరిమానా కడితేగానీ బతకదు.

ఆ తర్వాత హాయిగా ఉన్నాను. టికెట్‌కు ఏడాది గడువు అని అందరూ అంటుంటారు కదా, జనవరి 5 దాకా టైమ్ ఉందిలే అనుకున్నాను. నేను తీసుకున్న గది కూడా నెలనెలా అద్దెకిచ్చేది, వారం ముందు చెబితే ఇంకో నెల ఉండనిచ్చేవాళ్ళు, బస విషయంలో ఏ బాధా లేదు. ఆగస్టు చివర్లో అక్టోబర్ 15కి తేదీ వేయించుకుందామని ఎయిర్‌లైన్ వెబ్‌సైట్ తెరిస్తే, ఈ టికెట్ ఆన్‌లైన్‌లో మార్చడం కుదరదని చూపించింది.

అప్పుడు ఛార్జీ నిబంధనలు మొదటిసారి పూర్తిగా చదివాను (కొనేటప్పుడు ఎవరు చదువుతారు?). అసలు వాడని టికెట్‌కు సాధారణంగా కొన్న రోజు నుంచి ఏడాది లెక్క. కానీ మొదటి ఫ్లైట్ ఎక్కేశాక ఆ లెక్క ప్రయాణం మొదలైన రోజు నుంచి మారుతుంది, అంటే నాకు మార్చి 20 దాకా. ఇది మంచి కబురే. చెడ్డ కబురు ఏంటంటే, చౌక ఛార్జీల్లో గరిష్ట బస అని ఇంకో గడువు ఉంటుంది, ఏడాది కంటే అది తక్కువుంటే అదే చెల్లుతుంది. నాది ఆరు నెలలు. సెప్టెంబర్ 20లోపు తిరుగు ప్రయాణం మొదలుపెట్టాలి. టికెట్ మీద రిటర్న్ పక్కనే చిన్న అక్షరాల్లో NVA, అంటే ఆ తర్వాత చెల్లదు అని, ఆ తేదీ వేసే ఉంది, నేనే చూడలేదు.

టికెట్ అమ్మిన ఏజెంట్‌ను అడిగితే వదిలేయండి, వన్‌వే కొత్తది కొనుక్కోండి అన్నాడు. పోనీ వాడని సగం డబ్బు వెనక్కి వస్తుందా అంటే, రాదు. ఎయిర్‌లైన్ వాళ్ళు సగానికి లెక్క కట్టరు. నేను కట్టిన ఛార్జీ నూరు పాళ్ళనుకోండి, అందులోంచి వెళ్ళిన దారికి వన్‌వే ఛార్జీ తీసేస్తారు. వన్‌వే సగం కాదు, నా విషయంలో 90. మిగిలిన పది క్యాన్సిలేషన్‌కే సరిపోయింది, వస్తే గిస్తే వాడని పన్నులు కొన్ని.

ఎయిర్‌లైన్ కాల్ సెంటర్‌లో రెండో రోజు దొరికిన ఆవిడ మాత్రం ఓపికగా ఇంకో దారి చెప్పింది. మొత్తం రానూపోనూ ప్రయాణాన్ని మొదట్నుంచీ ఏడాది బస ఉన్న ఛార్జీతో మళ్ళీ లెక్కగట్టి రీఇష్యూ చేయొచ్చట. సగం వాడిన టికెట్ కాబట్టి ఈరోజు రేటు కాదు, నేను జనవరి 5న కొన్ననాడు ఉన్న రేటే తీసుకున్నారు. ఆ రోజు ఆ ఛార్జీ 130, మార్పు రుసుము 15, అంటే నేను కట్టాల్సింది 45. కొత్త వన్‌వే కొంటే 80. అయితే ఆ ఛార్జీకి సంబంధించిన బుకింగ్ క్లాసులో సీటుండాలి, అక్టోబర్ 15న లేదు, 18న దొరికింది. ఏజెంట్ దగ్గర కొన్న టికెట్ కనుక అతనితోనే చేయించుకోమన్నారు.

అతను సాయంత్రానికల్లా 18వ తేదీతో ఐటినరరీ పంపాడు, కన్ఫర్మ్ అని కూడా ఉంది. సంతోషించి ఊరుకోబోయాను గానీ టికెట్ నంబర్ చూస్తే ఆ పదమూడంకెలూ పాతవే! అంటే బుకింగ్‌లో తేదీ మార్చాడు తప్ప టికెట్ తిరిగి ఇష్యూ చేయలేదు. అలా వదిలేస్తే, టికెట్ ఇష్యూ చేయాల్సిన గడువు దాటగానే సిస్టమే సీటు తీసేస్తుంది, తీయకపోయినా చెకిన్‌లో టికెట్, బుకింగ్ కలవక ఆపేస్తారు. గట్టిగా అడిగితే మర్నాడు కొత్త నంబర్ వచ్చింది. కాల్ సెంటర్‌కు మళ్ళీ ఫోన్ చేసి అడిగాను, కొత్త దాంట్లో రిటర్న్ కూపన్ OPEN అని, అంటే ప్రయాణానికి వాడుకోవచ్చని, పాతది EXCHANGED అని చెప్పారు.

ఏజెంట్‌కు నేనిచ్చే మార్కులు తక్కువే, ఇకమీద తేదీ అటూఇటూ అయ్యే ప్రయాణమైతే నేరుగా ఎయిర్‌లైన్ దగ్గరే కొంటాను. ఇంకో మాట, రీఇష్యూ అయింది కదా మళ్ళీ ఏడాది మొదలవుతుందేమో అని ఆశపడి కొత్త టికెట్ మీద NVA చూశాను. మార్చి 20 అనే ఉంది.