మోకాలి బయటి నొప్పికి కొన్న మూడు వస్తువులు: 14 నెలల వాడకం తర్వాత

ముందు నా నొప్పి సంగతి చెప్పాలి. అది తెలియకపోతే ఏ వస్తువు ఎందుకు పనికొచ్చిందో, ఏది రాలేదో అర్థం కాదు.

మాది కర్నూలు, నాకు 41 ఏళ్లు. వారంలో నాలుగు రోజులు కేసీ కెనాల్ గట్టు మీద పరుగు, ఆదివారం ఓర్వకల్లు వైపు సైకిల్. హాఫ్ మారథాన్ పరుగెత్తాలన్న ఆశతో దూరం తొందరతొందరగా పెంచాను. ఒకరోజు 4.2 కిలోమీటర్ల దగ్గర కుడి మోకాలికి బయటి పక్క సూదితో పొడిచినట్టయింది. ఇంకో 300 మీటర్లు పోయేసరికి కాలు మడవలేకపోయాను. నిలబడ్డాను, రెండు నిమిషాల్లో తగ్గింది. నడుస్తూ ఇంటికొచ్చాను, ఏమీ లేదు. మేడమెట్లు దిగేటప్పుడు మాత్రం మళ్లీ పొడిచింది. మర్నాటికి కాలు మామూలైపోయింది. రెండు రోజులాగి మళ్లీ పరుగెత్తితే మళ్లీ అదే చోటు, కాలువ పక్క అదే తుమ్మచెట్టు. తర్వాత 3.8, ఆపైన 3.1. పట్టుదలగా పరుగెత్తేకొద్దీ నొప్పి ఇంటికి దగ్గరగా వచ్చింది, కొన్నాళ్లు ఆగితే మళ్లీ 4.2 దగ్గరికే పోయేది. సైకిల్ మీద అయితే దాదాపు 18 కిలోమీటర్లకు మొదలయ్యేది.

మొదట చూపించుకున్న చోట ఎక్స్‌రే తీసి, అరుగుదల అని చెప్పి మూడు నెలలకు మాత్రలు రాశారు. వాటితో ఏమీ మారలేదు. తర్వాత ఒక కుర్ర ఫిజియో దగ్గరికి వెళ్లాను. "సార్, నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించండి" అన్నాడు. చూపించాను. కీలు గీత మీద కాదు, దానికి ఓ రెండు సెంటీమీటర్ల పైన, తొడ ఎముక బయటికి బుడిపెలా తగిలే చోటు. అక్కడ బొటనవేలితో నొక్కి పట్టుకుని, మడిచి ఉన్న నా కాలిని మెల్లగా చాపించాడు. ఇంకా 30 డిగ్రీల వంపు మిగిలి ఉందనగా కెవ్వుమన్నాను. "మోకాలు వాచిందా? మడిచిన కాలు ఎప్పుడైనా ఇరుక్కుపోయిందా? రాత్రి పడుకున్నా నొప్పి ఉంటుందా?" మూడింటికీ లేదన్నాను. ఉందని చెప్పి ఉంటే మోకాలి లోపలి నెలవంక మృదులాస్థి చిరగడం లాంటివి అనుమానించి స్కానింగ్‌కు పంపేవాడినన్నాడు. నాకున్నది ఐటీ బ్యాండ్ సిండ్రోమ్.

ఐటీ బ్యాండ్ అంటే తొడ బయటి పక్క తుంటి నుంచి మోకాలి కింద కాలి ఎముక దాకా దిగే మందపాటి పట్టీ. పైన దాన్ని లాగి పట్టుకునేవి పిరుదు కండరం, తుంటి ముందు పక్క ఉండే ఒక చిన్న కండరం. ఈ పట్టీ ఎముక బుడిపె మీద ముందుకూ వెనక్కూ జారుతూ ఒరుసుకుంటుందని చాలాకాలం అనుకున్నారు. 2006లో ఫెయిర్‌క్లఫ్ బృందం శరీర నిర్మాణం పరిశీలించి వేరే మాట చెప్పింది. పట్టీ ఎముకకు నారపోగులతో అతుక్కుని ఉంటుంది, అటూ ఇటూ జారదు. మోకాలు 30 డిగ్రీల వంపుకు వచ్చినప్పుడల్లా, పట్టీకీ ఎముకకూ మధ్య నరాలు దండిగా ఉండే కొవ్వు పొరను నొక్కుతుంది. నడకలో ఆ నొక్కుడు తక్కువ. పరుగులో పాదం ఆనిన వెంటనే ప్రతి అడుగుకూ పడుతుంది.

నొప్పి ఎప్పుడూ ఒకే దూరం దగ్గర ఎందుకు మొదలవుతుందో నాకు అప్పుడు తెలిసింది. నా మెల్లటి పరుగులో 4.2 కిలోమీటర్లంటే కుడికాలికి సుమారు 2,400 అడుగులు. సైకిల్ మీద 18 కిలోమీటర్లంటే దాదాపు 4,300 తొక్కుళ్లు. తొక్కుడులో ఒంటి బరువు పడదు కాబట్టి ఎక్కువ ఓర్చుకుంటుంది, అంతే తేడా. ఇది నేను కట్టిన లెక్క, డాక్టర్లది కాదు.

ఇక వస్తువుల విషయం.

మొదట కొన్నది ఫోమ్ రోలర్, కండరాల కింద పెట్టి దొర్లించే గట్టి నురుగు దిండు, 900 రూపాయలు. వీడియోల్లో చూసినట్టే పక్కకు పడుకుని, తొడ బయటి వైపు మోకాలి దాకా దొర్లించాను. ప్రాణం పోయింది. నొప్పి పుడితేనే గుణం కనిపిస్తుందేమోనని రోజుకు పది నిమిషాలు, మూడు వారాలు చేశాను. తొడ కమిలిపోయింది, బుడిపె దగ్గర ముట్టుకుంటే మంట. ఫిజియో నవ్వి, "అది లారీ తాడు లాంటిది సార్, మీ బరువుకు సాగదు. పైగా నొక్కుడు పడి నొచ్చిన చోటనే మళ్లీ నొక్కుతున్నారు" అన్నాడు. ఆ తర్వాత మోకాలి జోలికి పోకుండా పిరుదు, తుంటి ముందు పక్క కండరం, తొడ ముందు కండరం, వీటి మీదనే ఒక్కో నిమిషం దొర్లించాను. పరుగు తర్వాత కాలు వదులుగా ఉంటుంది, అంతవరకు నిజం. నొప్పి మొదలయ్యే దూరం మాత్రం ఒక్క మీటరు కూడా మారలేదు. 14 నెలలకు రోలర్ మధ్యలో కొంచెం పల్లం పడింది కానీ గట్టిగానే ఉంది. వస్తువుగా బాగుంది, ఈ జబ్బుకు మందు కాదు.

రెండోది 450 రూపాయల స్ట్రాప్. మోకాలి చిప్పకు పైన, బుడిపెకు ఓ రెండు వేళ్ల ఎత్తున తొడకు బిగించే వెల్క్రో పట్టీ. దీనితో 4.2 కాస్తా దాదాపు 5.5 అయింది. అక్కడే మోసపోయాను. బాగైపోయిందనుకుని 7 కిలోమీటర్లు లాగించాను, ఆ వారమంతా మెట్లు దిగలేకపోయాను. మన ఎండల్లో దీని కష్టం వేరే. ఏప్రిల్‌లో పొద్దున ఆరు గంటలకే చెమటకు కిందికి జారి సరిగ్గా బుడిపె మీదికి వస్తుంది, అది ఇంకా చెడ్డ. బిగిస్తే కింద కాలు తిమ్మిరెక్కుతుంది, తొడ మీద దద్దుర్లు. ఐదో నెలకు వెల్క్రో పట్టు వదిలేసింది. నడకకో, పెళ్లిళ్లలో గంటల కొద్దీ నిలబడ్డానికో పనికొస్తుంది. పరుగుకు నేను కొనమని చెప్పను.

మధ్యలో విశ్రాంతి కూడా చూశాను. మూడు వారాలు పూర్తిగా మానేసి, ఏ వ్యాయామమూ చేయకుండా మళ్లీ కాలువ గట్టు మీద పరుగెత్తితే నొప్పి 4.5 దగ్గర వచ్చింది. మూడు వారాలకు దక్కింది 300 మీటర్లు.

మూడోది 350 రూపాయల రబ్బరు లూప్ బ్యాండ్. దీని కథే పెద్దది.

ఫిజియో నన్ను కుడికాలి మీద ఒంటికాలితో నిలబెట్టి, సగం కూర్చోమని వెనక నుంచి ఫోన్‌లో వీడియో తీశాడు. చూస్తే ఎడమ తుంటి కిందికి వాలిపోతోంది, కుడి మోకాలు లోపలికి తిరుగుతోంది. పిరుదు పక్క కండరానికి శక్తి లేక పట్టీ ఆ భారమంతా మోస్తోందన్నమాట. మొదట బ్యాండ్ కూడా వద్దన్నాడు. ఎడమ పక్కకు తిరిగి, వీపు గోడకు ఆనించి పడుకోవాలి. పైనున్న కుడికాలి మడమను గోడకు రాస్తూ, బొటనవేలు కాస్త నేల చూసేలా పెట్టి, మెల్లగా పైకెత్తి దించాలి. గోడ ఎందుకంటే, అది లేకపోతే కాలు ముందుకు వచ్చేసి, పిరుదు బదులు తుంటి ముందు కండరం పని కానిచ్చేస్తుంది. సరిగ్గా చేస్తున్నామా అంటే చెయ్యి పెట్టి చూసుకోవాలి. ప్యాంటు వెనక జేబు పైభాగంలో మండాలి. ముందు జేబు దగ్గర మండితే తప్పు. నేను మొదటి పది రోజులు ముందు జేబు దగ్గరే మండించాను.

మొదట 15 సార్లు, ఒక్క విడత. రెండు వారాల్లో 20 చొప్పున మూడు విడతలకు వచ్చాక చీలమండలకు పైన బ్యాండ్ తొడిగాను. మూడో వారం నుంచి మెట్టు అంచున కుడికాలి మీద నిలబడి ఎడమ తుంటిని కావాలనే దించి, మళ్లీ సమంగా లేపడం కూడా కలిపాం. 2000లో ఫ్రెడరిక్సన్ బృందం ఇలాంటి వ్యాయామాలను 24 మంది పరుగువాళ్లతో ఆరు వారాలు చేయిస్తే 22 మందికి నొప్పి పోయింది. చేయనివాళ్లతో పోల్చి చూడలేదు కాబట్టి అదే తిరుగులేని రుజువని అనలేం. నా కాలికైతే అది సరిపోయింది.

ఆ ఆరు వారాల్లో పరుగు రోజు విడిచి రోజు, చదును నేల మీద 2 కిలోమీటర్లతో మొదలుపెట్టాను. నొప్పి వచ్చాక ఆపడం కాదు, రాకముందే ఆపాలి. ఇంకో వింత చెప్పాలి. మెల్లగా జాగింగ్ చేస్తే పొడిచేది, కొంచెం వేగంగా చిన్న చిన్న విడతలుగా పరుగెత్తితే పొడవలేదు. వేగంలో పాదం ఆనేటప్పటికే మోకాలు 30 డిగ్రీలకు మించి వంగి ఉంటుందట. దిగుడులో దానికి తలకిందులు, వంపు తగ్గుతుంది, నొక్కుడు పెరుగుతుంది. ఆరో వారానికి 4.2 దాటాను. తుమ్మచెట్టు వెనక్కి పోయింది కానీ, నేను మాత్రం పొడుపు కోసం ఎదురుచూస్తూనే పరుగెత్తాను. తొమ్మిదో వారానికి 8 కిలోమీటర్లు, ఏడో నెలకు 21.

సైకిల్ నొప్పి మాత్రం బ్యాండ్‌తో సగమే తగ్గింది. మిగతా సగం సీటులో ఉంది. నాతో వచ్చే కుర్రాడొకడు వెనక నుంచి చూసి, "ఏంన్నా, సీటు మీద అట్ల ఊగుతావుండావు?" అన్నాడు. సైకిల్‌ను గోడకు ఆనించి ఎక్కి, పెడల్ అడుగుకు వచ్చినప్పుడు మడమ పెట్టి చూశాను, అందలేదు. మడమ పెడల్ మీద ఆని కాలు నిటారుగా చాచుకునేంత ఎత్తే సీటు ఉండాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలికి కాస్త వంపు మిగులుతుంది. ఒకేసారి దించకుండా 5 మిల్లీమీటర్ల చొప్పున, వారానికోసారి దించాను. 15 దగ్గర ఓర్వకల్లు పోయి రావడం హాయిగా అయింది. ఇంకా బాగుంటుందేమోనని మరో 10 దించితే చిప్ప ముందు పక్క నొప్పి మొదలైంది, ఆ 10 వెనక్కి లేపాను. రూపాయి ఖర్చు లేదు, ఒక్క అలెన్ కీ.

పదో నెలలో ఒకసారి తిరగబెట్టింది. పండుగలు, ఊరి పనులతో ఐదు వారాలు బ్యాండ్ ముట్టలేదు. ఒక ఆదివారం స్నేహితులతో జగన్నాథ గట్టు కొండ ఎక్కి, దిగుడంతా బ్రేకులు వేసినట్టు మెల్లగా పరుగెత్తాను. కింద రోడ్డుకు రాకముందే పొడుపు, అదే బుడిపె. ఈసారి మాత్రలకూ స్ట్రాప్‌కూ పోలేదు. వారం ఆగి, 15 సార్లు ఒక్క విడత నుంచి మళ్లీ మొదలుపెట్టాను, మూడున్నర వారాల్లో పాత దూరానికి వచ్చాను. ఇప్పుడు వారానికి మూడుసార్లు చేస్తాను, టీవీ ముందు, గోడ పక్కన. మొదటి బ్యాండ్ పదకొండో నెలలో తెగింది, అదే రకం ఇంకొకటి తెచ్చుకున్నాను. గట్టు ఎక్కేటప్పుడు పరుగు, దిగేటప్పుడు నడకే.