కడుపుతో ఉన్నవాళ్లకు ముక్కు డ్రాప్స్ కొంటున్నారా? సీసా మీద మందు పేరు చదవండి

మా చెల్లికి ఏడో నెల. జలుబు లేదు, తుమ్ములు లేవు, అయినా రాత్రి పడుకుంటే ముక్కు దిబ్బడేసి ఊపిరాడేది కాదు. మా మరిది మెడికల్ షాపుకి వెళ్లి, కడుపుతో ఉన్న మనిషికని చెప్పి మరీ సెలైన్ డ్రాప్స్ అడిగాడు. కౌంటర్‌లో ఉన్నతను "ఇవీ అలాంటివే సార్, ఇంకా తొందరగా పనిచేస్తాయి" అని వేరే సీసా ఇచ్చాడు. అందులో ఉన్నది జైలోమెటాజోలిన్ 0.1 శాతం.

వేసిన కాసేపటికే ముక్కు తెరుచుకుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. మందు దిగగానే ముందుకంటే గట్టిగా బిగుసుకునేది, మళ్లీ వేసుకునేది. వారం దాటేసరికి అది లేనిదే నిద్ర లేదు. పొద్దున ముక్కు చీదితే రక్తం! ఇంటిల్లిపాదికీ టెన్షన్.

డాక్టరమ్మ సీసా చూడగానే ఆపేయమన్నారు. గర్భంలో హార్మోన్లు మారతాయి, ఒంట్లో రక్తం దాదాపు సగం వంతు పెరుగుతుంది. దాంతో ముక్కు లోపలి పొరలో రక్తనాళాలు ఉబ్బి దారి మూసుకుపోతుంది. పొర ఎండితే అవే చిట్లి రక్తం వస్తుంది. జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ ఆ నాళాలను బలవంతంగా ముడుచుకునేలా చేస్తాయి. ఎక్కువ రోజులు వాడితే, మందు దిగిన ప్రతిసారీ నాళాలు ఇంకా ఉబ్బుతాయి, పొర ఎండుతుంది. గర్భంతో వచ్చే దిబ్బడ కాన్పు దాకా ఉండొచ్చు, మామూలుగా కాన్పయ్యాక రెండు వారాల్లో పోతుంది. మూడు రోజులకు మించి వాడకూడని మందు నెలల తరబడి ఉండే బాధకు ఎలా సరిపోతుంది? తప్పనిసరైతే డాక్టర్ చెప్పాకే, ఆ మూడు రోజుల లోపే. బీపీ ఉన్నవాళ్లు అసలు సొంతంగా ముట్టుకోవద్దు.

సెలైన్ అంటే ఉప్పునీరే. సీసా మీద సోడియం క్లోరైడ్ 0.65 లేదా 0.9 శాతం అని మాత్రమే ఉండాలి, పక్కన ఇంకో మందు పేరు ఉంటే తిరిగిచ్చేయండి. రోజులో ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు, పొర ఎండకుండా కూడా కాపాడుతుంది. ముక్కు కడుక్కోవాలంటే మరగబెట్టి చల్లార్చిన పావు లీటరు నీళ్లలో పావు టీస్పూన్ అయోడిన్ లేని ఉప్పు కలపాలి. కుళాయి నీళ్లు నేరుగా వద్దు. రాత్రి తలవైపు ఎత్తు పెట్టుకుంటే మా చెల్లికి చాలా తేడా తెలిసింది. దిబ్బడ పూర్తిగా పోలేదు గానీ నిద్రపడుతోంది, రక్తం ఆగింది.

షాపులో ఇచ్చే జలుబు మాత్రలూ చూసుకోండి. చాలావాటిలో ఫినైల్ఎఫ్రిన్ కలుస్తుంది. అది బీపీ పెంచగలదు, పైగా మింగే మాత్రగా దిబ్బడకు పెద్దగా పనిచేయదు.

రక్తం వస్తే తల వెనక్కి వాల్చొద్దు. కూర్చుని కాస్త ముందుకు వంగి, ముక్కు మెత్తటి భాగాన్ని పది పదిహేను నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోవాలి, నోటితో గాలి పీల్చాలి. అరగంటకీ ఆగకపోయినా, ధారగా కారినా ఆసుపత్రికి వెళ్లండి. తలనొప్పి, చూపు మసకబారడం, చిగుళ్ల నుంచి కూడా రక్తం ఉంటే అదే రోజు బీపీ, ప్లేట్‌లెట్లు చూపించండి.