వేలితో చెరపడానికి ఏది మేలు: స్నాప్‌సీడా, మ్యాజిక్ ఎరేజరా?

సంక్రాంతి రోజు ఇంటి ముందు ముగ్గు పక్కన పాపని నిలబెట్టి ఫోటో తీశారు. పాప నవ్వు బాగా పడింది. కానీ తల మీదుగా కరెంటు తీగ పోతోంది, ముగ్గు అంచున ఎవరిదో చెప్పు ఉంది, వీధి చివర ఒకాయన నడిచి వెళ్తున్నాడు, పాప భుజం వెనక నుంచి స్కూటర్ హ్యాండిల్ తొంగిచూస్తోంది. ఈ నాలుగింటినీ ఒకే యాప్‌తో చెరిపేద్దాం అనుకుంటేనే చిక్కు. వేలితో రుద్దే పని రెండు యాప్‌లలోనూ ఒకేలా కనిపిస్తుంది గానీ, లోపల జరిగేది వేరు.

స్నాప్‌సీడ్‌లోని Healing మీరు రుద్దిన మేరకే చెరుపుతుంది. వేలు పెట్టి గీస్తుంటే ఎర్రగా కనిపిస్తుంది. వేలు తీయగానే చుట్టుపక్కల నుంచి కొంత ముక్క తెచ్చి అక్కడ అతికిస్తుంది. మ్యాజిక్ ఎరేజర్ మాత్రం మీరు సుమారుగా రుద్దినా, గుండ్రంగా చుట్టినా, ఆ వస్తువు అంచులు తనే పట్టుకుని మొత్తం తీసేస్తుంది. ఇది 2021లో పిక్సెల్ 6 ఫోన్లతో వచ్చింది. 2024 మే నుంచి గూగుల్ ఫోటోస్ వాడేవాళ్లందరికీ ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. అప్పుడు చెప్పిన కనీస అర్హత ఆండ్రాయిడ్ 8, 3 జీబీ ర్యామ్. ఐఫోన్ అయితే ఐఓఎస్ 15. స్నాప్‌సీడ్ కూడా గూగుల్‌దే, అదీ ఉచితమే. కాబట్టి డబ్బు లెక్క పక్కన పెట్టి పని చూద్దాం.

వీధి చివరి మనిషితో మొదలుపెట్టండి, అది తేలిక. గూగుల్ ఫోటోస్‌లో ఫోటో తెరిచి, Edit లోకి వెళ్లి Magic Eraser ఎంచుకుని, ఆయన చుట్టూ ఒక చుట్టు చుట్టండి. మనిషి చిన్నగా, విడిగా, ఎవరినీ తాకకుండా ఉన్నాడు గనుక ఒక్క దెబ్బకే పోతాడు. ఇక్కడ కొత్తవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది నీడ. మనిషిని తీసేసి కాళ్ల దగ్గరి నీడని వదిలేస్తే, చూసేవాళ్లకి ఏదో తేడాగా ఉందని వెంటనే అర్థమవుతుంది. నీడ మీద కూడా ఒకసారి రుద్దండి. తడి నేల, గాజు తలుపు, కారు అద్దం ఫ్రేములో ఉంటే ప్రతిబింబం కూడా వెతకాలి. ఈ పనికి స్నాప్‌సీడ్ వాడితే కుదరదని కాదు, కానీ మనిషిని కొంచెం కొంచెంగా రుద్దుకుంటూ పోవాలి, ఊరికే టైమ్ దండగ.

కరెంటు తీగ దగ్గరికొచ్చేసరికి నా ఓటు స్నాప్‌సీడ్‌కే. ఖాళీ ఆకాశంలో తీగని రెండూ బాగానే తీస్తాయి. తీగ కొబ్బరాకుల వెనక్కో, డాబా పిట్టగోడ అంచుకో చేరే చోటే అసలు పని. అక్కడ మ్యాజిక్ ఎరేజర్ ఆకు కొసని కూడా తీగలో భాగం అనుకుని తినేయవచ్చు. స్నాప్‌సీడ్‌లో ఎంత రుద్దాలన్నది మీ చేతిలో ఉంటుంది.

అయితే ఈ Healing లో బ్రష్ సైజు మార్చే మీట ఉండదు. బ్రష్ తెరమీద ఎప్పుడూ ఒకే సైజు; రెండు వేళ్లతో ఫోటోని పెద్దది చేస్తే, ఫోటోతో పోల్చినప్పుడు బ్రష్ సన్నబడుతుంది. ఇది తెలియక ఫోటో మొత్తం తెరమీద ఉండగానే రుద్దితే, తీగతో పాటు ఆకాశం కూడా వెడల్పుగా మారి, పైన బూజు పట్టినట్టు మరకలు పడతాయి. ఎర్రటి గీత తీగకంటే కొద్దిగా మాత్రమే లావుగా ఉండేంత జూమ్ చేయండి. మరీ సన్నగా ఉన్నా తప్పే: తీగ అంచున మిగిలిన నల్లటి పొరని యాప్ కొత్త ముక్కలోకి లాగేస్తుంది, చెరిపినచోట మళ్లీ పల్చటి తీగ కనిపిస్తుంది.

తీగని ఈ చివర నుంచి ఆ చివరికి ఒకే గీతలో లాగేయకండి. ముందు బాగా జూమ్ చేసి, ఆకుని తాకే చోట చిన్న ముక్క చెరపండి. పిట్టగోడ దగ్గర కూడా అంతే. ఇప్పుడు మిగిలిన తీగ దేన్నీ తాకకుండా ఆకాశంలో విడిగా వేలాడుతుంది. దాన్ని కాస్త జూమ్ తగ్గించి, చిన్న చిన్న గీతలతో తీసేయవచ్చు. ఎక్కడైనా ఆకాశం బదులు ఆకు ముక్క వచ్చి అతుక్కుంటే, దాని మీదే మళ్లీ మళ్లీ రుద్దొద్దు. ప్రతిసారీ యాప్ అంతకుముందు తను చేసిన మరకనే తెచ్చి అతికిస్తూ ఉంటుంది, చివరికి ఆ చోటు అలికినట్టు అవుతుంది. కింద ఉన్న వెనక్కి బాణం నొక్కి, గీత పొడవో దిక్కో మార్చి మళ్లీ గీయండి. చాలాసార్లు వేరే ముక్క వస్తుంది.

ముగ్గు మీది చెప్పు అన్నిటికన్నా కష్టం. ముగ్గు గీత చెప్పు కింద ఎటు తిరిగిందో ఏ యాప్‌కీ తెలియదు. మ్యాజిక్ ఎరేజర్ ఊహించి పూరిస్తుంది. మెలికల ముగ్గులో ఆ ఊహ తప్పితే గీత మధ్యలో తెగిపోతుంది, ముగ్గు వేసిన అమ్మ ముందుగా చూసేది అదే. స్నాప్‌సీడ్‌లో చెప్పుని రెండు భాగాలుగా చూడండి. ఖాళీ నేల మీదున్న భాగాన్ని ముందు చెరపండి. గీతని కప్పిన భాగాన్ని తర్వాత, గీత పోయే దిక్కులోనే పొట్టి గీతలతో చెరపండి. అప్పటికీ గీత కలవకపోతే లైట్‌రూమ్ లాంటి యాప్‌లో క్లోన్ వాడాలి. అందులో ముక్క ఎక్కడి నుంచి తేవాలో మీరే చూపించవచ్చు, ముగ్గులో అలాంటి మెలికే ఇంకోచోట ఉంటే అక్కడి నుంచి తెచ్చుకోవచ్చు. కొత్తవాళ్లకి క్లోన్ కొంచెం ఓపిక పని. టైల్స్, ఇటుక గోడ, చీర అంచు, ఇలా లెక్క ప్రకారం తిరిగొచ్చే డిజైన్లన్నిటికీ ఇదే మాట వర్తిస్తుంది.

యాప్ ఏదైనా వరస మాత్రం ఒకటే. ముందు చెరపడం, తర్వాతే రంగులు, ఫిల్టర్లు. ఫోటోని షార్ప్ చేసి ఆ తర్వాత చెరిపితే, అతికిన చోటు మెత్తగా, చుట్టూ గరుకుగా తేలిపోతుంది. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన కాపీ కుదించినది కాబట్టి, తీసినవాళ్ల దగ్గర అసలు ఫోటో అడిగి తెప్పించుకోండి. కుదించిన ఫోటోలో తీగ చుట్టూ గళ్లు గళ్లుగా మచ్చలుంటాయి, తీగ పోయినా అవి ఉంటాయి. పనయ్యాక కాపీగానే సేవ్ చేయండి. సేవ్ చేసే ముందు ఫోటోని మొత్తంగా చూసి, పక్కపక్కనే ఒకేలాంటి రెండు మేఘాలో, రెండు గులకరాళ్లో ఉన్నాయేమో వెతకండి. కాంట్రాస్ట్‌ని ఒకసారి పూర్తిగా పెంచి చూస్తే ఆకాశంలో మరకలు బయటపడతాయి, చూశాక మళ్లీ తగ్గించేయండి.

ఇక స్కూటర్ హ్యాండిల్. అది పాప భుజాన్ని, జుట్టు కొసల్ని తాకుతోంది. స్నాప్‌సీడ్‌తో రుద్దితే భుజం రంగు గోడకి పాకుతుంది. మ్యాజిక్ ఎరేజర్‌తో తీస్తే జుట్టు కొసలు కత్తిరించినట్టు అవుతాయి. దీన్ని చెరపొద్దని నా సలహా. మీ ఫోన్లో Magic Eraser కింద Camouflage కనిపిస్తే, దానితో హ్యాండిల్ మెరుపుని తగ్గించి చుట్టూ ఉన్న రంగులో కలిపేయండి. ఆ ఎర్రటి స్కూటర్ గోడ రంగుకి దగ్గరైతే చాలు, చూపు పాప ముఖం మీద నుంచి అటు పోదు.