షెడ్డుకు జెడ్ పర్లినా, పైపు పర్లినా: ఏది మేలు?

నల్గొండ, మిర్యాలగూడ, జడ్చర్ల ఏ ఊళ్ళో ఇనుప షెడ్డు కోసం కొటేషన్ అడిగినా ఇప్పుడు రెండు రకాలు చేతికొస్తాయి. ఒకరు రేకులను మోసే అడ్డ కమ్మీలకు, అంటే పర్లిన్లకు, చదరపు పైపు వేసి వెల్డింగ్ చేస్తామంటారు. ఇంకొకరు జెడ్ అక్షరంలా వంచిన ఉక్కు పర్లిన్‌ను బోల్టులతో బిగిస్తామంటారు. రెండో కొటేషన్‌లో కిలో ధర కొంచెం ఎక్కువ కనిపించగానే చాలామంది మొదటిదానికి మొగ్గుతారు. కిలో ధర పక్కన పెట్టి, గాలి లెక్కతో ఈ రెండింటినీ పోల్చి చూద్దాం.

హార్వెస్టర్లు, ట్రాక్టర్ ట్రాలీలు బాగు చేసే వర్క్‌షాప్ అనుకోండి. వెడల్పు 12 మీటర్లు, పొడవు 18 మీటర్లు, అంటే ఇంచుమించు 40 అడుగులకు 60. హార్వెస్టర్ లోపలికి రావాలి కాబట్టి ముందువైపు గోడ ఉండదు. 6 మీటర్లకో ఫ్రేము చొప్పున 4 ఫ్రేములు, వాటి మధ్య 3 బేలు. పర్లిన్ల మధ్య దూరం మీటరున్నర.

మన దగ్గర మంచు పడదు. కప్పు మీద శాశ్వత బరువు కూడా పెద్దగా లేదు. అర మిల్లీమీటరు రేకూ పర్లినూ కలిపి చదరపు మీటరుకు 10 కిలోల లోపే. అసలు భయం కింది నుంచి పైకి లేపే గాలి. భవనాల మీద పడే గాలికి మన దేశ ప్రామాణికమైన ఐఎస్ 875 మూడో భాగంలో హైదరాబాద్‌కు ఇచ్చిన మూల గాలి వేగం సెకనుకు 44 మీటర్లు. ఈ లెక్కకు అదే తీసుకుందాం. ఆ వేగానికి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 118 కిలోలు. ప్రామాణికం ఇచ్చే తగ్గింపులన్నీ పోగా 83 దగ్గర నిలుస్తుంది. గాలి కప్పు మీదుగా పోతూ రేకును పైకి పీలుస్తుంది. ముందు గోడ లేని షెడ్డులోకి దూరి లోపలి నుంచి కూడా నెడుతుంది. గోడలో 20 శాతం కన్నా ఎక్కువ తెరిచి ఉంటే లోపలి ఒత్తిడి గుణకం 0.7 తీసుకోమంటుంది ప్రామాణికం. దాదాపు అన్నీ మూసి ఉంటే 0.2 చాలు. కప్పు పీల్పుకు సగటున 0.8 వేసుకుంటే, తెరిచిన షెడ్డులో పైకి లేపే బలం చదరపు మీటరుకు 125 కిలోల దాకా పోతుంది, మూసినదానిలో 83. రేకు బరువుకు పది రెట్లకు పైనే. వేసవిలో దుమారం లేచినప్పుడు ముందువైపు తెరిచిన షెడ్ల రేకులే ముందుగా లేవడానికి కారణం ఇదే.

ఇప్పుడు ఒక్క పర్లిన్ సంగతి. దాని వంతుకు మీటరున్నర వెడల్పు, 6 మీటర్ల పొడవు, అంటే 9 చదరపు మీటర్ల కప్పు. సొంత బరువు తీసేసినా టన్ను పైన బలం దాన్ని మీదికి వంచుతుంది. దీన్ని 60×60×3 చదరపు పైపు మోస్తుందా? ఆ పైపు మీటరుకు దాదాపు 5.4 కిలోలు. 200 మిల్లీమీటర్ల లోతు, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న జెడ్ కూడా మీటరుకు ఐదున్నర కిలోలే. బరువు సమానం. కానీ వంపును తట్టుకునే సామర్థ్యంలో జెడ్ పైపుకు మూడున్నర రెట్లు, వంగకుండా నిలిచే బిగువులో దాదాపు పన్నెండు రెట్లు. ఇనుమంతా పైకీ కిందికీ పోయి, మధ్యలో పలచటి రేకులా మిగలడం వల్ల వచ్చిన లాభం ఇది. 6 మీటర్ల బేలో ఆ చదరపు పైపుకు వచ్చే ఒత్తిడి లెక్కలో 600 మెగాపాస్కల్స్ దాటుతుంది. అంత తట్టుకునే పైపు మామూలు మార్కెట్లో దొరకదు. జెడ్‌లో అదే బలం 175 దగ్గర ఆగుతుంది. 345 గ్రేడు ఉక్కుకు అది అందే అంకె.

"అన్నా, పైపు డొల్లగా ఉన్నా మెలి తిరగదు. జెడ్ అయితే చేత్తో తిప్పితే తిరుగుతది" అని మేస్త్రి అంటాడు. ఆ మాట నిజమే, కొట్టిపారేయకూడదు. పైపు మెలికను బాగా తట్టుకుంటుంది, జెడ్ తట్టుకోదు. కప్పు మీద బరువు ఉన్నంతసేపు జెడ్ పై అంచు నొక్కుకుపోతుంది, దాన్ని రేకు పట్టుకుని ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. గాలి లేపినప్పుడు కింది అంచు నొక్కుకుపోతుంది. దాన్ని పట్టుకునేది ఏదీ లేకపోతే పక్కకు వాలి మెలి తిరుగుతుంది. అందుకే 6 మీటర్ల బేలో పర్లిన్లను ఒకదానితో ఒకటి కట్టే సాగ్ రాడ్లు రెండు వరుసలు ఉండాలి. రాడ్డు పై రంధ్రంలోనే వేసి వదిలేస్తే గాలికి పనిచేయదు, కింది అంచు వైపు కూడా పట్టు ఉండాలి. సాగ్ రాడ్లు లేని జెడ్ షెడ్డు కన్నా సరిగా కట్టిన పైపు షెడ్డే నయం అంటాను.

జెడ్‌కు ఇంకో సౌలభ్యం ఉంది. రెండు ముక్కలు ఫ్రేములోని వాలు దూలం, అంటే రాఫ్టర్ మీద ఒకదానిలో ఒకటి ఒదిగి కూర్చుంటాయి. అటూ ఇటూ 60 సెంటీమీటర్ల చొప్పున ఒదిగించి బోల్టులు బిగిస్తే మూడు బేలకూ ఒకే పర్లిన్‌లా పనిచేస్తుంది. పైపు అలా ఒదగదు. రాఫ్టర్ మీద ముక్కకు ముక్క ఆనించి రెండు చోట్ల టాక్ వెల్డింగ్ పెట్టి, మీద రంగు పూసేస్తారు. లోపలి ఫ్రేము దగ్గర ఆ రెండు చుక్కల మీదే టన్ను బలం పడుతుంది. మీ షెడ్డులో పరిశీలించాలంటే నిచ్చెన వేసి అక్కడే చూడండి. వెల్డు పైపు వెడల్పంతా సాగిందా, రంగు కింద తుప్పు గీత కనిపిస్తోందా అన్నది ముఖ్యం. గాల్వనైజ్డ్ పైపు అయితే వెల్డింగ్ వేడికి జింక్ కాలిపోతుంది. తుప్పు మొదలయ్యేది అక్కడే.

పైపే కావాలంటే దారి లేకపోలేదు. బేను 3.6 మీటర్లకు కుదించి, 100×50×3 పైపును నిలువుగా నిలబెడితే ఒత్తిడి 120 దగ్గరికి దిగుతుంది. అడ్డంగా పడుకోబెట్టకూడదు. కానీ అప్పుడు 18 మీటర్లకు 4 ఫ్రేములు కాదు, 6 ఫ్రేములు. అదనంగా రెండు రాఫ్టర్ జతలు, నాలుగు కాలమ్‌లు, నాలుగు గుంతలు. పర్లిన్ బరువు కూడా తగ్గదు, మొత్తం 180 మీటర్లకు జెడ్ టన్ను లోపు ఉంటే ఈ పైపు టన్ను పైన రెండు వందల కిలోలు దాటుతుంది. ఫ్రేములు కాస్త సన్నగా వేసుకోవచ్చు, అయినా గుంతల ఖర్చు మిగలదు. కిలో ధర మాత్రమే చూపించే కొటేషన్‌లో ఈ లెక్క కనిపించదు.

రేకుల విషయంలో నాకు పెద్ద పట్టింపు లేదు. రంగు రేకు అయినా, రంగు లేని గాల్వాల్యూమ్ అయినా మోసే పని ఒకటే. సిమెంటు రేకు బరువు, వడగళ్ళకు పగులుతుంది. చూడాల్సింది స్క్రూలను. లోపలి భాగంలో 30 సెంటీమీటర్లకో స్క్రూ ఉంటే ఒక్కో దాని మీద 55 కిలోల దాకా పడుతుంది. చూరు అంచు, శిఖరం, మూలల దగ్గర పీల్పు అంతకన్నా చాలా ఎక్కువ కాబట్టి అక్కడ ప్రతి మిట్టకూ స్క్రూ పడాలి. ఒకటి విడిచి ఒకటి వేసిన చోట స్క్రూ తల చుట్టూ రేకు చిరిగి, స్క్రూ పర్లిన్‌లోనే మిగిలిపోతుంది. గాలికి ఎగిరిపోయిన రేకు దగ్గర ఇదే చూస్తాం.

బ్రేసింగ్‌కూ ఈ పోలికకూ సంబంధం ఉంది. కాలమ్‌లూ రాఫ్టర్లూ గట్టిగా కలిపిన పోర్టల్ ఫ్రేము వెడల్పు దిక్కున తనంతట తాను నిలుస్తుంది, పొడవు దిక్కున నిలవదు. పర్లిన్లు వెల్డ్ చేసేశాం కదా, ఇక కదలదు అన్న ధీమాతో పైపు షెడ్లలో బ్రేసింగ్ మానేస్తారు. పర్లిన్ ఫ్రేములను ఒకదానితో ఒకటి కలుపుతుందే గాని నేలకు కట్టదు. ఆఖరి గోడ మీద గాలి కొడితే అన్నీ కలిసి ఒక పక్కకు ఒరుగుతాయి. ఒక బేలో రెండు పక్క గోడల్లోనూ ఎక్స్ ఆకారపు బ్రేసింగ్, అదే బేలో కప్పులోనూ ఎక్స్ ఉండాలి. ఈ షెడ్డుకు 20 మిల్లీమీటర్ల రాడ్డు, టర్న్‌బకిల్ సరిపోతాయి. రాడ్డు వేలాడుతుంటే పనిచేయట్లేదని లెక్క, బిగించాలి.

ఆ లేపే బలం చివరికి చేరేది యాంకర్ బోల్టులకు. లోపలి ఫ్రేము వంతు 72 చదరపు మీటర్లు. ఇనుము బరువంతా తీసేసినా ఒక్కో కాలమ్‌ను పైకి పీకే బలం దాదాపు 3.8 టన్నులు. 20 మిల్లీమీటర్ల బోల్టులు నాలుగు ఉంటే ఆ ఉక్కు తెగదు. లేచిపోయేది బోల్టుతో సహా గుంత. రెండడుగుల ఘనంలో నింపిన కాంక్రీటు బరువు అర టన్ను చిల్లరే. 5 అడుగుల చదరం, 40 సెంటీమీటర్ల మందం ఉన్న ఫుటింగును 5 అడుగుల లోతులో వేసి, దాని మీద పొట్టి స్తంభంలా పెడెస్టల్ లేపి, మట్టి వేసి దిమ్మిస కొడితే మొత్తం బరువు ఆరున్నర టన్నులు వస్తుంది. అప్పుడే ఆ 3.8కి ధైర్యం. నల్గొండ చుట్టుపక్కల మూడడుగులకే బండ తగిలితే దాన్ని పగలగొట్టి లోతు పోనక్కర్లేదు, బండలో రంధ్రాలు వేసి రాడ్లు గ్రౌట్ చేయించుకోవచ్చు. గద్వాల, అలంపూర్ వైపు నల్లరేగడిలో మాత్రం ఇంజనీరు చూడకుండా గుంత తవ్వొద్దు; ఆ నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది.

బోల్టులను కాంక్రీటు పోసేటప్పుడే ఇనుప టెంప్లేటుతో నిలబెట్టాలి. ఆ పని తప్పించుకోవడానికి నాలుగంగుళాల ఫ్లోరింగ్‌లో విస్తరణ బోల్టులు కొట్టి కాలమ్ నిలబెట్టే వాళ్ళున్నారు. ఆ పలక లోతు చాలదు, పలకతో సహా లేస్తుంది. రసాయన యాంకర్ వేరే విషయం. ముదిరిన పెడెస్టల్‌లో రంధ్రం బ్రష్‌తో, గాలితో శుభ్రం చేసి వేస్తే బాగానే పట్టుకుంటుంది. దుమ్ము ఉన్న రంధ్రంలో పోస్తే పట్టదు. బేస్ ప్లేటులో రంధ్రం గ్యాస్‌తో కోసి పెద్దది చేసి ఉంటే, టెంప్లేటు వాడలేదని అర్థం. అక్కడ మందమైన ప్లేటు వాషర్ వెల్డ్ చేయించండి.

ఈ షెడ్డుకు నా ఓటు జెడ్‌కే, 6 మీటర్ల బేతో, సాగ్ రాడ్లతో. అదే 6 మీటర్ల వెడల్పు, 9 మీటర్ల పొడవు ఉన్న చిన్న షెడ్డు, మూడు వైపులా గోడ, నాలుగో వైపు షట్టర్, 3 మీటర్ల బేలు అయితే లెక్క తిరగబడుతుంది. పర్లిన్ల మధ్య దూరం 1.2 మీటర్లు పెడితే 60×60×3 పైపుకు వచ్చే ఒత్తిడి 80 మించదు. జెడ్ అక్కడ అనవసరపు లోతు, సాగ్ రాడ్ల పని అదనం, ఊళ్ళో వెల్డరే చేసుకోగల పనికి బోల్టుల సరంజామా తెప్పించుకోవాలి. అక్కడ పైపే మేలు. వెల్డు మాత్రం పైపు చుట్టూ పూర్తిగా తిప్పించి, దాని మీద జింక్ ప్రైమర్ కొట్టించండి. దుమారం వచ్చేటప్పుడు షట్టర్ దించడం మరవొద్దు, ఎందుకంటే ఆ 80 అన్న అంకె మూసిన షట్టర్‌తో వచ్చింది.