మొబైల్ బిడ్ తగ్గించాలా, ఊరిని బట్టి బిడ్ మార్చాలా?

నరసరావుపేటలో బ్యాటరీ స్ప్రేయర్లు, వాటి నాజిళ్లు, ఛార్జర్లు అమ్మే కొట్టు ఒకటి ఉందనుకుందాం. గూగుల్ సెర్చ్‌లో ప్రకటన ఇస్తోంది. బిడ్, అంటే ఒక్కో క్లిక్‌కి ఎక్కువలో ఎక్కువ ఇస్తాననే ధర, చేత్తోనే పెడుతుంది, 8 రూపాయలు. నెలకు వెయ్యి క్లిక్‌లు వస్తే 940 ఫోన్ల నుంచి, 60 కంప్యూటర్ల నుంచి. ఆర్డర్లు ఫోన్ల మీద 28, కంప్యూటర్ల మీద 3. అంటే క్లిక్‌ల్లో ఆర్డర్లుగా మారినవి ఫోన్ల మీద 3 శాతం, కంప్యూటర్ల మీద 5 శాతం. ఈ లెక్క చూసినవాళ్లు ఎవరైనా ముందు అనే మాట, మొబైల్ క్లిక్‌లకి బిడ్ మైనస్ 40 శాతం పెట్టమని.

నేనైతే పెట్టను. 60 క్లిక్‌ల్లో మూడు ఆర్డర్లంటే, అందులో ఒకటి రాకపోయినా ఆ 5 శాతం 3.3కి దిగిపోతుంది. అంత చిన్న లెక్క మీద నిర్ణయం నిలబడదు. పైగా 94 శాతం క్లిక్‌లు ఫోన్లవే అయినప్పుడు మొబైల్ బిడ్ తగ్గించడమంటే మొత్తం బిడ్ తగ్గించడమే. మిగిలిన డబ్బు కంప్యూటర్ల వైపు పోదు, ఎందుకంటే రైతులు అక్కడ వెతకరు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. సెర్చ్ ప్రకటనల్లో ఆరు వేల ఫోనూ, లక్ష రూపాయల ఫోనూ ఒకే Mobile phones వరుసలోకి వస్తాయి. చవక ఫోన్లకి మాత్రమే వేరే బిడ్ పెట్టే దారి అక్కడ లేదు.

అసలు ఫోన్ల మీద ఆర్డర్లు ఎక్కడ పోతున్నాయో చూడాలి. గూగుల్ యాడ్స్‌లో ఫోన్ క్లిక్‌లు 940 ఉంటే, సైట్‌కి వచ్చినవాళ్లని లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్‌లో ఆ ప్రకటన నుంచి వచ్చిన సెషన్లు, అంటే సైట్ తెరుచుకున్న సందర్భాలు, 640 ఉన్నాయనుకోండి. కంప్యూటర్లలో 60కి 57. రెండు లెక్కలూ ఎప్పుడూ అచ్చంగా సరిపోవు, కొంత తేడా మామూలే. కానీ ఒకవైపు మూడో వంతు మాయమై, రెండోవైపు ముగ్గురే తగ్గారంటే, ఎక్కువ మంది పేజీ తెరుచుకోకముందే వెనక్కి వెళ్లిపోయారని అర్థం. క్లిక్ డబ్బు మాత్రం పోయింది. తెరుచుకున్న 640 మందితో లెక్కేస్తే ఆర్డర్లు 4.4 శాతం. కంప్యూటర్లతో తేడా సగానికి పైగా తగ్గింది. రెండున్నర ఎంబీ పేజీ, సెకనుకు 400 కిలోబిట్లే అందే చోట, రావడానికి 50 సెకన్లు పడుతుంది. అదే పేజీని 300 కేబీకి తగ్గిస్తే 6 సెకన్లు. ఈ రోగానికి బిడ్ మందు కాదు.

ఇక ఊరిని బట్టి బిడ్ మార్చడం. ఇది కొంత నయం. సరుకు పంపే ఖర్చు, పంటల సీజన్, సిగ్నల్ అన్నీ ఊరితో ముడిపడే ఉంటాయి. పేట చుట్టూ 30 కిలోమీటర్ల రేడియస్‌లో ఆర్డర్లు బాగుంటే ప్లస్ 20 పెట్టడంలో తప్పులేదు. చిక్కల్లా గూగుల్‌కి కనిపించే ఊరితోనే. బ్యాటరీ అయిపోతుందని లొకేషన్ ఆపేసిన ఫోన్‌ని చాలాసార్లు ఐపీ అడ్రస్ చూసే గుర్తించాలి. మొబైల్ నెట్‌వర్క్‌లో ఆ అడ్రస్ ఎక్కడో పెద్ద నగరం పేరు చూపించవచ్చు. వినుకొండ రైతు హైదరాబాద్ లెక్కలో పడతాడు. ‘హైదరాబాద్ క్లిక్‌లు దండగ’ అని అక్కడ మైనస్ 90 కొడితే దెబ్బ తగిలేది మన రైతుకే.

దీన్ని కనిపెట్టడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఫోన్ చేసిన ప్రతివాళ్లనీ ‘ఏ ఊరండీ?’ అని అడిగి, టైముతో సహా పుస్తకంలో రాయండి. మూడు వారాల తర్వాత లొకేషన్ రిపోర్ట్ పక్కన పెట్టి చూడండి. రిపోర్ట్‌లో హైదరాబాద్ క్లిక్‌లు దండిగా ఉండి, పుస్తకంలో హైదరాబాద్ వాళ్లు ఒక్కరూ లేకపోతే ఆ లెక్కను అనుమానించాలి. నిజంగా హైదరాబాద్ వాళ్లే చూసి ఊరుకుంటూ ఉండొచ్చు కూడా. అందుకే అప్పుడు మైనస్ 20 దగ్గర ఆగి, పుస్తకంలో పల్లెల ఫోన్లు తగ్గుతున్నాయేమో చూడటం మేలు.

రెండూ కలిపి పెట్టేవాళ్లున్నారు, అదే అన్నిటికన్నా చేటు. మొబైల్‌కి మైనస్ 40, వినుకొండకి మైనస్ 30 పెడితే అవి కూడవు, గుణించుకుంటాయి. 8 × 0.6 × 0.7, అంటే 3 రూపాయల 36 పైసలు. వినుకొండలో ఆర్డర్లు తక్కువ రావడానికి కారణం నెట్ నెమ్మదే అయితే, ఒకే తప్పుకి రెండుసార్లు జరిమానా వేసినట్టు.

కాబట్టి నా వరస ఇది: పేజీ బరువు ముందు, ఊరి బిడ్ తర్వాత, మొబైల్ బిడ్‌ని అసలు ముట్టుకోకుండా. బిడ్లు గూగుల్‌కే వదిలేసి Maximize conversions వాడుతుంటే మాత్రం ఈ ఊరి శాతాలేవీ పనిచేయవు, పరికరాల్లో మైనస్ 100, అంటే ఆ పరికరాన్ని పూర్తిగా వదిలేయడం, ఒక్కటే చెల్లుతుంది. అప్పుడు చూసుకోవాల్సింది, ఫోన్‌లో మాట్లాడి తీసుకున్న ఆర్డర్లు కూడా గూగుల్ లెక్కలో కన్వర్షన్లుగా, అంటే ప్రకటన వల్ల వచ్చిన ఆర్డర్లుగా, ఎక్కుతున్నాయా లేదా అని.