గుమ్మంలో కాలా, ముఖం మీద తలుపా: ఏది మేలు?

ఎదుటివాళ్లను ఒప్పించడానికి, కాదనలేనంత చిన్న కోరికతో మొదలుపెట్టి, ఒప్పుకున్నాక అసలు కోరిక బయటపెట్టడం ఒక పద్ధతి. దీన్ని గుమ్మంలో కాలు పెట్టడం అంటారు. రెండోది దీనికి తలకిందులు. కాదంటారని తెలిసే పెద్దది అడిగి, ముఖం మీద తలుపు వేయించుకుని, వెంటనే అసలు కోరికకు దిగిరావడం. ఏది మేలన్నది రెండు విషయాలను బట్టి తేలుతుంది: రెండు కోరికల మధ్య ఎంత సమయం ఉంది, రెండోసారి అడిగేది ఎవరు.

1966లో మనస్తత్వ పరిశోధకులు ఫ్రీడ్‌మన్, ఫ్రేజర్ కాలిఫోర్నియాలో ఇంటివాళ్లను ఒక కోరిక కోరారు. ‘జాగ్రత్తగా నడపండి’ అనే పెద్ద వికారమైన బోర్డును మీ ఇంటి ముందు పాతనివ్వండి అన్నారు. నేరుగా అడిగితే నూటికి 17 మందే సరేనన్నారు. సుమారు రెండు వారాల ముందు అదే విషయంపై అరచేతిలో పట్టేంత గుర్తును అంటించుకున్నవాళ్లలో నూటికి 76 మంది ఒప్పుకున్నారు. రెండోసారి వచ్చిన మనిషి వేరు. అయినా ఫలితం చెక్కుచెదరలేదు. ‘ఇలాంటి పనికి సాయపడే మనిషిని నేను’ అన్న భావన వాళ్లలోనే నాటుకుపోయిందని దీనికి ఇచ్చే వివరణ.

1975లో మనస్తత్వ పరిశోధకుడు చాల్దీని బృందం విద్యార్థులను అడిగింది వేరు: బాలనేరస్థుల కేంద్రంలో రెండేళ్లపాటు వారానికి రెండు గంటలు పనిచేస్తారా? ఒక్కరూ ఒప్పుకోలేదు. వెంటనే, పోనీ ఆ పిల్లలను ఒక్కసారి రెండు గంటలు జంతుప్రదర్శనశాలకు తీసుకెళ్తారా అంటే సగం మంది సరేనన్నారు. నేరుగా అడిగితే ఆరుగురిలో ఒకరే. అయితే అదే బృందం మరో ప్రయోగంలో రెండో కోరికను మరొకరు అడిగినప్పుడు ఒప్పుకున్నవారు నూటికి పదిమంది మాత్రమే. అడిగిన మనిషి మనకోసం తగ్గాడు కాబట్టి మనమూ కొంత తగ్గాలి అన్న మొహమాటమే ఇక్కడ పనిచేస్తుంది. తగ్గింది ఇంకొకరైతే ఆ బాకీ మిగలదు.

ఇప్పుడు ఒక సేవాసంస్థ ఫోను బృందాన్ని తీసుకోండి. సోమవారం ఒకరు ఏడాది పొడవునా విరాళం అడిగారు, దాత కాదన్నారు. శుక్రవారం మరొకరు చిన్న మొత్తం అడిగారు. దాత చెవికి అది తగ్గింపుగా వినపడదు, రెండోసారి విసిగించినట్టే ఉంటుంది. ఆ బృందానికి మొదటి పద్ధతే తగును: ఇవాళ ఒక వినతిపత్రంపై సంతకం, కొద్దిరోజుల తర్వాత అదే అంశంపై విరాళం. సంతకం పెట్టిన కలం కిందపెట్టకముందే అదే మనిషి డబ్బు అడిగితే మాత్రం బెడిసికొడుతుంది. ఇప్పుడే కదా సాయం చేశాను అనిపిస్తుంది. ఇది 1999లో చార్‌ట్రాండ్ బృందం ప్రయోగంలోనూ కనిపించింది.

ఎదురెదురుగా కూర్చుని ఒకే భేటీలో ముగిసే అమ్మకానికి రెండోదే నయం. ఏడాది ఒప్పందం చూపి, వద్దంటే అక్కడికక్కడే ఒక నెలకు దిగిరావచ్చు. ఆ ఏడాది ఒప్పందం నిజంగా అమ్మే సరుకై ఉండాలి. కావాలని పెంచిన ధర అని కొనేవాడు పసిగడితే, తగ్గించినందుకు కృతజ్ఞత ఉండదు సరికదా, తగ్గిన ధరనూ నమ్మడు. విరాళాల విషయంలో నా మొగ్గు మొదటిదానికే. మొహమాటానికి ఇచ్చిన దాత మరుసటి ఏడాది ఫోను ఎత్తడం కష్టం.